బిడ్డ పుట్టాక తొలి గంట: మిడ్‌వైఫరీ విద్యార్థుల పరీక్షా క్రమం

బిడ్డ పుట్టిన తొలి గంటలో చేసే శరీర పరీక్షను మిడ్‌వైఫరీ విద్యార్థులు తల నుంచి పాదాల దాకా ఒక పట్టికగా నేర్చుకుంటారు. కాన్పు గదిలో మాత్రం ఆ వరస పనికిరాదు. అక్కడ ముందు కళ్లతో చూడాలి, తర్వాత చెవితో వినాలి, చేతితో తాకడం ఆఖర్న. తాకితే బిడ్డ ఏడుస్తుంది. ఏడిస్తే శ్వాస లెక్క తప్పుతుంది. గుడ్డ తీస్తే ఒళ్లు చల్లబడుతుంది.

పుట్టగానే ఏడ్చి బాగున్న బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తడిగుడ్డ తీసేసి, తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, టోపీ పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పుతారు. ఒకటో నిమిషంలోనూ అయిదో నిమిషంలోనూ అప్గార్ స్కోరు వేస్తారు. మొదటి పరీక్ష చాలావరకు అక్కడే జరిగిపోవాలి. తూకం కోసం, కొలతల కోసం బిడ్డను వెంటనే లాక్కుపోవడం మంచిది కాదు. మొదటిసారి పాలు తాగాక చూసినా బరువు పెద్దగా మారదు.

అన్నిటికన్నా ముందు శ్వాస. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు, పొట్ట కదలికను చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించడం ఇక్కడ పెద్ద పొరపాటు. అప్పుడే పుట్టిన బిడ్డ కొన్నిసార్లు గబగబా ఊపిరి తీసి, కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఆగిన క్షణాలే లెక్కలో పడితే ఒక అంకె, పడకపోతే మరో అంకె వస్తుంది. నిమిషానికి 30 నుంచి 60 దాకా మామూలే. అంకె ఒక్కటే చాలదు: ముక్కుపుటాలు ఎగరడం, డొక్కలెగరేయడం, ఊపిరి వదిలేటప్పుడు సన్నని మూలుగు ఉన్నాయేమో చూడాలి. మూలుగును బిడ్డ గొణుగుడు అనుకుని వదిలేయడం తరచూ జరిగే తప్పు. ప్రతి శ్వాసకూ అదే చప్పుడు వస్తుంటే డాక్టర్‌ను పిలవాల్సిందే. గుండెను స్టెతస్కోప్‌తో నిమిషం పాటు వినాలి. 110 నుంచి 160 మామూలు.

రంగు చూసేటప్పుడు చేతులు, కాళ్లు నీలంగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. నాలుక, పెదవుల లోపలి భాగం గులాబీ రంగులో ఉండాలి. చామనఛాయ బిడ్డల్లో చర్మం రంగు మోసం చేయవచ్చు, నాలుక చేయదు. చంకలో పెట్టిన థర్మామీటర్ 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ చూపాలి.

ఒక ఉదాహరణ: పుట్టిన పావుగంటకు ఒక బిడ్డ శ్వాస 68, ఉష్ణోగ్రత 36.1, పాదాలు చల్లగా, నీలంగా ఉన్నాయి. మూలుగు లేదు, డొక్కలు ఎగరడం లేదు, నాలుక గులాబీ రంగులో ఉంది. చూస్తే వీపు మీద గుడ్డ తడిగా ఉంది. దాన్ని మార్చి, ఫ్యాన్ ఆపి, మళ్లీ తల్లి ఒంటికి ఆనించి కప్పారు. మరో పావుగంటకు ఉష్ణోగ్రత 36.4, శ్వాస 60. గంట నిండేసరికి 36.7, 52. చల్లదనం వల్ల కూడా శ్వాస పెరుగుతుందని ఇక్కడ తెలుస్తుంది. అదే బిడ్డకు మూలుగు ఉంటే, నాలుక నీలంగా ఉంటే, వేడి చేస్తూనే సాయం కోసం పిలవాలి. గంట దాకా ఎదురుచూడకూడదు.

తర్వాత చేతి పరీక్ష. తలమీద మాడు చదునుగా, మెత్తగా ఉండాలి. కాన్పులో నలిగి ఏర్పడిన నీటివాపు పుట్టేటప్పటికే ఉంటుంది, ఎముకల అతుకులను దాటి పరచుకుంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఎముక పైపొర కింద చేరిన రక్తపు గడ్డ అతుకు దగ్గర ఆగిపోతుంది, కొన్ని గంటల తర్వాతే తేలుతుంది. మూడోది ప్రమాదకరం: వాక్యూమ్ పెట్టి తీసిన బిడ్డల్లో తలచర్మం కింద రక్తం చేరి, మెత్తగా కదులుతూ చెవుల వెనకకూ మెడ దాకా వ్యాపిస్తుంది. అందుకే వాక్యూమ్ కాన్పు తర్వాత తలను ఒక్కసారి తడిమి వదలకుండా పదేపదే చూడాలి.

అంగిలిని వేలితో తడమడంతో ఆగకుండా టార్చి వేసి చివరిదాకా చూడాలి. వెనక మెత్తని భాగంలోని చీలిక వేలికి దొరక్కపోవచ్చు. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉన్నాయో లేదో, కట్టిన చోట రక్తం కారుతోందేమో చూస్తారు. బోర్లా తిప్పి వెన్నెముక పొడవునా గుంట, వెంట్రుకల కుచ్చు ఉన్నాయేమో, మలద్వారం తెరిచి ఉందో లేదో కంటితో చూస్తారు. రెండు చేతులూ సమంగా కదలకపోతే భుజం ఇరుక్కున్న కాన్పేమో గుర్తు చేసుకోవాలి. ఆఖర్న బరువు, విటమిన్ కె ఇంజెక్షన్.

ప్రతి అంకె పక్కన చూసిన సమయం రాయాలి. 68 అని మాత్రమే రాస్తే తర్వాతి నర్సుకు ఏమీ తెలియదు. పావుగంటకు 68, గంటకు 52 అని ఉంటే బిడ్డ ఎటు పోతోందో తెలుస్తుంది. గుండె లోపాలు కొన్ని ఈ గంటలో బయటపడవు, కామెర్లు కూడా అప్పుడే కనిపించవు. తుంటి కీళ్లు, కళ్లు, గుండె చప్పుడు మళ్లీ తీరిగ్గా చూసే పూర్తి పరీక్ష 72 గంటల లోపు జరగాలి.