టాన్‌గ్రామ్‌లో కుదరని మూల

చైనాలో పుట్టిన టాన్‌గ్రామ్‌లో ముక్కలు ఏడే: పెద్ద త్రిభుజాలు రెండు, మధ్యరకం ఒకటి, చిన్నవి రెండు, ఒక చతురస్రం, ఒక సమాంతర చతుర్భుజం. నీడబొమ్మ చేతికి రాగానే నేను ముందు మూలలు చూస్తాను. ముక్కల కోణాలన్నీ 45, 90, 135 డిగ్రీలే. కాబట్టి బొమ్మలో 45 డిగ్రీల మొన కనబడితే అక్కడ చతురస్రం పట్టదు. త్రిభుజం మొనో, సమాంతర చతుర్భుజం మొనో పెట్టాలి. 90 డిగ్రీల మూలకు మాత్రం రెండు మొనలు పక్కపక్కన చేర్చినా సరిపోతుంది.

మూడు భుజాలూ సమానమైన త్రిభుజం అడిగితే? దాని మూల 60 డిగ్రీలు. 45 చాలదు, 90 ఎక్కువ. ఎన్ని గంటలు తిప్పినా కుదరదు.

మూలలు సరిపోయినా చాలదు. చతురస్రం ముక్క భుజం 1 అనుకుంటే ఏడు ముక్కల వైశాల్యం 8. మరి 1 వెడల్పు, 8 పొడవు ఉన్న పట్టీ? మూలలన్నీ 90, వైశాల్యమూ సరే. కానీ పెద్ద త్రిభుజాన్ని ఎలా పడుకోబెట్టినా కనీసం 1.4 వెడల్పు కావాలి. పట్టీ దాటి బయటికి పొడుచుకొస్తుంది.

లోపలికి నొక్కులు లేని ఆకారాలు మొత్తం 13 మాత్రమే వస్తాయని 1942లో ఇద్దరు చైనా గణితవేత్తలు నిరూపించారు.