ఎర్ర గదిలో ఎక్స్‌టెండర్

కేబుల్ వీధి గుమ్మం వైపు నుంచి వచ్చింది కాబట్టి రూటర్ ముందు హాల్లో టీవీ వెనకాల చేరింది. చాలా ఇళ్లలో ఇదే వరస. ఈ మూడు గదుల ఇంట్లో అబ్బాయి ఆఫీసు పని మాత్రం చిట్టచివరి పడగ్గదిలో. మీటింగు మధ్యలో మాట తెగిపోతోందని ఎక్స్‌టెండర్ కొని, ఆ గదిలోనే ప్లగ్గుకి తగిలించాడు. ఫోన్లో గీతలన్నీ నిండుగా వచ్చాయి. మాట తెగడం మాత్రం ఆగలేదు.

ఇంటి ప్లాన్ మీద వైఫై బలాన్ని రంగుల్లో చూపించే యాప్‌తో గదిగదికీ తిరిగి స్క్రీన్‌షాట్ తీస్తే సంగతి బయటపడింది. అందులో అంకెల పక్కన dBm అని, ముందు మైనస్ గుర్తు ఉంటాయి. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. పది తగ్గితే బలం పదో వంతుకి పడిపోతుంది. హాల్లో -45, భోజనాల బల్ల దగ్గర -63, పడగ్గదిలో -84. వీడియో కాల్‌కి -67 దాకా ఫర్వాలేదు. -80 కూడా దాటితే కాల్ నిలవడం కష్టమే.

బల్ల దాటగానే ఆకుపచ్చ కాస్తా ఎరుపయింది. అక్కడ ఫ్రిజ్, గోడకి అవతల ఇనప బీరువా ఉన్నాయి. లోహం సిగ్నల్‌ని దాటనివ్వదు. అయితే రంగునంతా నమ్మకూడదు. మనిషి నిలబడి కొలిచిన చుక్కల దగ్గరే అది నిజం, మధ్యలోది యాప్ వేసిన అంచనా.

ఎక్స్‌టెండర్ తనకి వినిపించినదాన్నే మళ్లీ చెబుతుంది. ఎర్ర గదిలో దానికే సరిగా వినపడదు. ఫోన్లో నిండిన గీతలు ఫోనుకీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య బలాన్నే చూపిస్తాయి. దాన్ని భోజనాల బల్ల పక్క ప్లగ్గుకి, పడగ్గది తలుపు సూటిగా కనిపించే చోటికి మార్చారు. గదిలో -60 వచ్చింది. ఒకే రేడియోతో వినడం, చెప్పడం కాబట్టి వేగం దాదాపు సగమే అందింది. మీటింగుకి అది చాలు.

ఇంకో చిక్కు మిగిలింది. పచ్చగా ఉన్న హాల్లో కూడా సాయంత్రాలు నెట్ నత్తనడకే. ఈసారి తీసింది ఛానళ్ల గ్రాఫ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో తమ రూటర్ 3వ ఛానల్లో ఉంది, పక్కింటివి 1లోనూ 6లోనూ. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కో సిగ్నల్ పరుచుకునేది 20. అందుకే 3వ ఛానల్ మీదికి రెండు పక్కలవాళ్లూ వచ్చి పడ్డారు. ఒకే ఛానల్లో ఉన్న రూటర్లు ఒకదాన్నొకటి విని వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసినవాటికి పక్కవాడి మాట వట్టి గోల. ఒకదానితో ఒకటి కలవనివి 1, 6, 11. గ్రాఫ్‌లో 11 దగ్గర -86తో ఒక్క చిన్న మెట్ట తప్ప ఏమీ లేదు.

రూటర్ సెట్టింగుల్లో 11 పెట్టగానే ఎక్స్‌టెండర్ కూడా దాని వెంటే మారింది. రెండో స్క్రీన్‌షాట్ రాత్రి ఎనిమిదికి తీశారు. పక్కిళ్ల టీవీలన్నీ నడిచేది అప్పుడే.