అనంతం దాకా సమాకలనం: అపోహలు – వాస్తవాలు

నల్లని వస్తువు వేడెక్కినప్పుడు వెదజల్లే మొత్తం శక్తి తెలియాలంటే ప్లాంక్ సూత్రాన్ని సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేయాలి. భౌతిక స్థిరాంకాలను పక్కన పెడితే చేతిలో మిగిలే ప్రమేయం x³/(eˣ − 1). దాని సమాకలని π⁴/15, అంటే 6.493939. స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం లోపల దాగి ఉన్న సంఖ్య ఇదే. దీని పక్కన 1/(1 + x²) అనే మరో ప్రమేయాన్ని పెడదాం. సున్నా నుంచి అనంతం దాకా దాని సమాకలని π/2, అంటే 1.570796.

రెండూ నున్నని ప్రమేయాలే. రెండూ ధనాత్మకమే, రెండూ చివరికి సున్నాకు చేరేవే. తేడా అంతా తోకలో ఉంది. మొదటిది ఘాతీయంగా, అంటే e⁻ˣ వేగంతో పడిపోతుంది. రెండోది 1/x² లాగా తాపీగా దిగుతుంది. ఈ రెండింటి జవాబులూ మనకు ముందే తెలుసు కాబట్టి, అనంత అవధుల లెక్కల చుట్టూ అల్లుకున్న నమ్మకాలను వీటి మీదే పరీక్షిద్దాం.

అపోహ: ప్రమేయం బాగా చిన్నదైన చోట కత్తిరిస్తే చాలు, తప్పు కూడా అంతే చిన్నగా ఉంటుంది.

వాస్తవం: కత్తిరించిన చోట ప్రమేయం విలువ ఎంత అన్నది కాదు ప్రశ్న. వదిలేసిన తోక వైశాల్యం ఎంత అన్నదే ప్రశ్న. ప్లాంక్ ప్రమేయం విషయంలో ఈ రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. x = 20 దగ్గర ప్రమేయం విలువ సుమారు 0.0000165, ఆ తర్వాతి తోక మొత్తం 0.0000192. తోకకు చేతిలెక్క కూడా ఉంది: L దగ్గర కత్తిరిస్తే పోయేది దాదాపు (L³ + 3L² + 6L + 6)·e⁻ᴸ. L = 10 అయితే 0.062 పోతుంది, అది చాలా ఎక్కువ. L = 30 అయితే పోయేది 0.000000003 లోపే.

1/(1 + x²) దగ్గరికి వస్తే ఈ నమ్మకం కూలిపోతుంది. x = 1000 దగ్గర ప్రమేయం విలువ పది లక్షల్లో ఒక వంతు. తోక మాత్రం వెయ్యిలో ఒక వంతు, అంటే ప్రమేయం విలువకు వెయ్యి రెట్లు. L ను 1000 నుంచి 2000 కు పెంచి చూసినవారికి జవాబు 0.0005 మాత్రమే మారినట్టు కనిపిస్తుంది. ఇంకా రావలసింది మరో 0.0005 ఉందన్న సంగతి ఆ మార్పు చెప్పదు. ఆరు దశాంశాలు కావాలంటే L పది లక్షలు దాటాలి.

అలాగని ఇక్కడ కత్తిరింపు పనికిరాదని కాదు. తోక రూపం తెలిసినప్పుడు దాన్ని కాగితం మీద కట్టి కలిపేయవచ్చు. ఈ ప్రమేయానికి తోక 1/L − 1/(3L³) తో మొదలవుతుంది. L = 10 దగ్గరే ఆపితే వచ్చే విలువ 1.47112767. దానికి 0.1 కలిపి 0.00033333 తీసేస్తే 1.570794. పది లక్షల దాకా వెళ్లే బదులు పది దగ్గర ఆగి, రెండు పదాలతో ఐదు దశాంశాలు సరిగ్గా తెచ్చుకున్నాం. పాత తరం లెక్కగాళ్లకు ఇది చేయి తిరిగిన పని. కంప్యూటర్ వచ్చాక మనం దీన్ని మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: భారంతో కూడిన గాస్ సూత్రాలు అనంత అవధుల కోసమే పుట్టాయి కాబట్టి, ఎక్కడైనా అవే మేలు.

వాస్తవం: గాస్-లాగెర్ సూత్రం e⁻ˣ·g(x) రూపంలో ఉన్న ప్రమేయాల కోసం పుట్టింది. n బిందువులు తీసుకుంటే, g అనేది 2n − 1 పరిమాణం దాకా ఏ బహుపది అయినా జవాబు కచ్చితంగా వస్తుంది. హామీ అంతవరకే. g బహుపదిలా నడుచుకోకపోతే, కింది అవధి సున్నా, పై అవధి అనంతం అయినంత మాత్రాన ఆ సూత్రానికి ప్రత్యేక బలమేమీ రాదు.

ప్లాంక్ ప్రమేయంలో e⁻ˣ ను బయటికి తీస్తే మిగిలే g(x) = x³/(1 − e⁻ˣ). x పెరిగేకొద్దీ ఇది దాదాపు x³ అయిపోతుంది. బహుపదికి ఇంతకంటే దగ్గరి బంధువు దొరకదు. నాలుగే బిందువులతో లెక్క వేద్దాం. అవి 0.3225, 1.7458, 4.5366, 9.3951. భారాలతో గుణించాక వచ్చే వాటాలు వరసగా 0.07341, 2.30367, 3.67019, 0.44726. మొత్తం 6.4945. అసలు జవాబు 6.4939. నాలుగు గుణకారాలతో తప్పు పదివేలలో ఆరు వంతులకు దిగింది.

ఇప్పుడు అదే సూత్రంతో, అవే బిందువులతో 1/(1 + x²) ను లెక్కిద్దాం. e⁻ˣ ను బలవంతంగా బయటికి లాగితే మిగిలే g(x) = eˣ/(1 + x²). ఇది ఘాతీయంగా పెరిగే ప్రమేయం, ఏ బహుపదీ దీని వెంట పరుగెత్తలేదు. ఒక బిందువుతో 1.359, రెండింటితో 1.493, మూడింటితో 1.498, నాలుగింటితో 1.501 వస్తాయి. రావలసింది 1.571. మొదటి అడుగు తర్వాత లెక్క దాదాపు నిలబడిపోయింది. ప్రమాదం ఇక్కడే ఉంది. వరసగా మూడు విలువలు దగ్గరదగ్గరగా కనిపిస్తే జవాబు కుదిరిందని మనసు నమ్ముతుంది. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయే తప్ప జవాబుకు దగ్గరగా లేవు. కారణం సులువుగానే అర్థమవుతుంది. లాగెర్ బిందువుల్లో చివరిది 4n లోపే ఉంటుంది. ఆ తర్వాతి తోకలో 1/(4n) పరిమాణంలో వైశాల్యం మిగిలే ఉంటుంది, దాన్ని చూసే బిందువే లేదు.

బిందువులు పెంచుకుంటూ పోవడం కూడా అనుకున్నంత లాభం కాదు. 100 బిందువుల సూత్రంలో చివరి బిందువు 375 దగ్గర ఉంటుంది. x = 36 దాటాక e⁻ˣ పదహారో దశాంశానికి దిగిపోతుంది. ఆ 36 లోపు పడే బిందువులు సుమారు 38. మిగతా 60 చిల్లర బిందువుల భారాలు ఎంత చిన్నవంటే, g మామూలుగా ఉన్నప్పుడు అవి జవాబును తాకనే తాకవు. నమ్‌పైలోని `laggauss` వివరణలోనే దాన్ని 100 దాకా మాత్రమే పరీక్షించామని రాసి ఉంటుంది.

అపోహ: చలరాశి మార్చి అనంతాన్ని 1 దగ్గరికి తెచ్చేస్తే సమస్య తీరినట్టే.

వాస్తవం: x = t/(1 − t) అని రాస్తే, x అనంతం దాకా వెళ్లేసరికి t ఒకటికి చేరుతుంది. దానితోపాటు dx = dt/(1 − t)² అనే గుణకం వచ్చి చేరుతుంది. 1/x² లాగా తగ్గే తోకను ఈ గుణకం సరిగ్గా కొట్టేస్తుంది. మన రెండో ప్రమేయం 1/(1 − 2t + 2t²) అయిపోతుంది. 0 నుంచి 1 దాకా ఇది నున్నగా, మచ్చ లేకుండా ఉంటుంది. మామూలు గాస్-లెజాండర్ సూత్రం మూడు బిందువులతో 1.5833 ఇస్తుంది, ఐదింటితో 1.57117. లాగెర్ సూత్రం ఒకటో దశాంశం దాటి మెరుగుపడని చోట ఇది మూడు దశాంశాలు తెచ్చింది.

ఇదే మార్పిడిని ప్లాంక్ మీద వాడితే కథ తిరగబడుతుంది. ఐదు బిందువులు x లోకి మారితే 0.05, 0.3, 1, 3.33, 20.3 అవుతాయి. ప్రమేయం శిఖరం 2.82 దగ్గర ఉంది, దాని సమీపంలో ఉన్నది 3.33 ఒక్కటే. లెక్కలో వచ్చిన 6.85 లో 6.16 ఆ ఒక్క బిందువు వాటాయే. తప్పు 0.36.

దీనికి మందు x = c·t/(1 − t) లోని c. మార్పిడికి ఒక కొలబద్ద ఉండాలన్నమాట. అవే ఐదు బిందువులతో c = 2 అయితే 6.457 వస్తుంది, తప్పు 0.04 లోపే. c = 3 చేస్తే 6.055 కు పడిపోతుంది. ఇంత తక్కువ బిందువులున్నప్పుడు జవాబును నిర్ణయించేది c. అందుకే నేను ప్రతిసారీ c ను మార్చి మళ్లీ లెక్కిస్తాను. c తో పాటు కదిలిపోయే అంకెలను నమ్మను. ఇంకో హద్దు కూడా ఉంది. తోక 1/x² బదులు x⁻¹·⁵ లాగా తగ్గితే, మార్పిడి తర్వాత t = 1 దగ్గర 1/√(1 − t) మిగిలిపోతుంది. అనంతం పోయి దాని స్థానంలో ఒక ముల్లు వచ్చి కూర్చుంటుంది.

అపోహ: ట్రెపిజాయిడల్ సూత్రం పాఠశాల స్థాయిది, మోటుది.

వాస్తవం: రెండు వైపులా వేగంగా తగ్గిపోయే నున్నని ప్రమేయాలకు దీన్ని మించిన పద్ధతులు తక్కువ. మొత్తం రేఖ మీద e^(−x²) తీసుకుందాం, జవాబు √π = 1.772454. అంతరం h = 1 పెట్టి −3 నుంచి 3 దాకా పూర్ణాంకాల దగ్గర విలువలు కూడితే, అంటే ఏడే బిందువులతో, 1.772637 వస్తుంది. h ను సగం చేస్తే తప్పు సగమో, నాలుగో వంతో కాదు. ఈ ప్రమేయానికి సాపేక్ష దోషం దాదాపు 2·e^(−π²/h²). h = 1 కి అది పదివేలలో ఒక వంతు. h = 0.5 కి 10⁻¹⁷ స్థాయికి, అంటే మామూలు కంప్యూటర్ పట్టుకోగలిగిన అంకెల కిందికి దిగిపోతుంది. −6 నుంచి 6 దాకా 25 బిందువులు చాలు.

అవే 25 బిందువులను జాగ్రత్త కోసమని −60 నుంచి 60 దాకా పరిస్తే ఏమవుతుంది? h = 5 అవుతుంది. మధ్య బిందువు ఒక్కటే ప్రమేయాన్ని చూస్తుంది, జవాబు 5 వస్తుంది. తోక తప్పు, అంతరం తప్పు అని కత్తిరింపులో రెండు తప్పులున్నాయి. ఒకదాన్ని అవసరానికి మించి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. L, h కలిసి నడవాలి.

గాస్-హెర్మైట్ సూత్రం ఇదే రేఖ కోసం ఉంది. అయినా కత్తిరించి సాదా సూత్రం వాడితే తరచూ అంతకంటే తక్కువ బిందువులతో పని అవుతుందని లాయిడ్ ట్రెఫెథెన్ 2022లో విపులంగా చూపించారు. లాగెర్ దగ్గర చూసిన జబ్బే ఇక్కడా ఉంది. దూరంగా పడిన బిందువులు లెక్కలో పాలు పంచుకోవు.

అపోహ: పై అవధి `np.inf` అని ఇస్తే సాఫ్ట్‌వేర్ అంతా చూసుకుంటుంది.

వాస్తవం: సైపైలోని `quad` వెనుక ఉన్నది 1983 నాటి క్వాడ్‌ప్యాక్. అనంత అవధి ఇస్తే అది x = (1 − t)/t అనే మార్పిడి చేసి, మొదట 15 బిందువుల దగ్గర చూస్తుంది. వాటిలో అన్నిటికంటే దూరంగా ఉన్నది x = 233 దగ్గర పడుతుంది, దాని ముందుది 38 దగ్గర. శిఖరం 1000 దగ్గర ఉంటే ఇలా జరుగుతుంది:

```python
import numpy as np
from scipy.integrate import quad
f = lambda x: np.exp(-(x - 1000.0)**2)
print(quad(f, 0, np.inf))
print(quad(f, 990, 1010))
```

మొదటి వరస `(0.0, 0.0)` అని అచ్చువేస్తుంది. జవాబు సున్నా, దోషం అంచనా కూడా సున్నా, హెచ్చరిక లేదు. పదిహేను చోట్లా సున్నాయే కనిపించింది కాబట్టి ఆ ప్రోగ్రాముకు అనుమానం రావడానికి ఆధారమే లేదు. రెండో వరసలో 1.7724538 వస్తుంది. రెండింటికీ తేడా ప్రమేయం ఎక్కడ బతికి ఉందో మనం చెప్పడమే. ఆ సంగతి తెలియనప్పుడు, `quad` ను పిలిచే ముందు x ను 0.01, 0.1, 1, 10, 100, 1000 అంటూ పది రెట్ల చొప్పున పెంచుతూ ప్రమేయం విలువలు అచ్చువేయించి చూడండి. ఇక్కడైతే 1000 దగ్గర 1 అని కనబడేది.