బట్టీ పట్టిన మోడల్

కాగిల్ పోటీలో ఇచ్చిన 25,000 పిల్లుల, కుక్కల ఫొటోల్లోంచి ఫ్రాంస్వా షోలే తన డీప్ లెర్నింగ్ పుస్తకం కోసం 2,000 మాత్రమే తీసుకున్నాడు. డేటా తక్కువైతే ఏమవుతుందో చూపాలని కావాలనే చేసిన పని అది. మోడల్‌కు చూపించకుండా ఇంకో 1,000 ఫొటోలు వ్యాలిడేషన్‌కు పక్కన పెట్టాడు. శిక్షణ సాగేకొద్దీ చూసిన ఫొటోల మీద మోడల్ నూటికి నూరు దాకా వెళ్లింది. చూడని వాటి మీద మాత్రం 70 శాతం దాటి కాస్త దూరం పోయి ఆగింది. పిల్లి చెవులకు బదులు ఫలానా ఫొటోలో వెనకున్న సోఫాను గుర్తుపెట్టుకున్నా శిక్షణలో మార్కులు పడతాయి మరి! దీన్నే ఓవర్‌ఫిటింగ్ అంటారు.

దీన్ని లాస్ గ్రాఫ్‌లో పట్టుకోవచ్చు. మొత్తం ఫొటోలను ఒకసారి తిరగేస్తే ఒక ఎపాక్. ట్రైనింగ్ లాస్ దిగుతూనే ఉంటుంది. వ్యాలిడేషన్ లాస్ మాత్రం కొన్ని ఎపాక్‌లు దిగి, మళ్లీ పైకి లేస్తుంది. లేచే ముందే ఆపేయడం ఎర్లీ స్టాపింగ్. కానీ ఒక్కసారి లేవగానే ఆపితే తొందరపాటే. 1,000 ఫొటోల్లో పది అటూ ఇటూ అయినా ఒక శాతం మారిపోతుంది. అందుకే ఐదు ఎపాక్‌లు ఓపిక పట్టమని చెబుతాం:

```python
EarlyStopping(monitor="val_loss", patience=5,
              restore_best_weights=True)
```

చివరి మాట మరిచిపోవద్దు. కెరాస్‌లో అది మామూలుగా `False`గా ఉంటుంది కాబట్టి, వదిలేస్తే చేతికొచ్చేది అన్నిటికన్నా మంచి మోడల్ కాదు, ఐదు ఎపాక్‌లు చెడిన మోడల్. పైగా ఎక్కడ ఆపాలో చెప్పింది వ్యాలిడేషన్ ఫొటోలే గనక వాటి మార్కులు కొంచెం తీపిగానే వస్తాయి. అసలు సంగతి తేలాలంటే మూడో కట్ట ఫొటోలు విడిగా ఉండాలి.

ఎర్లీ స్టాపింగ్ బట్టీని ఆపుతుందే గానీ, మెరుగ్గా నేర్పదు. ఆ పని డ్రాపౌట్‌ది. చివరి పొరకు ముందు 0.5 పెడితే, శిక్షణలో అడుగడుగునా అక్కడి యూనిట్లలో దాదాపు సగం నోరు మూసుకుంటాయి. ఏవి మూసుకుంటాయో ముందే తెలియదు కనుక సోఫాను పట్టుకున్న ఏ ఒక్క యూనిట్ మీదా మోడల్ ఆధారపడలేదు. దీంతో ట్రైనింగ్ మార్కులు వ్యాలిడేషన్ కన్నా తక్కువ కనిపించొచ్చు, కంగారు పడక్కర్లేదు. శిక్షణలో సగం బలంతోనే పరీక్ష రాస్తోంది కదా. పైటార్చ్ వాడేవాళ్లు మాత్రం పరీక్షకు ముందు `model.eval()` అనాలి. లేకపోతే అక్కడా సగం మూగబోయి, ఫలితం పరుగు పరుగుకీ మారుతుంది.

వెయిట్ డికే ప్రతి అడుగులో వెయిట్లను కొద్దిగా సున్నా వైపు లాగుతుంది. ఒక్క ఫొటో కోసం ఏ వెయిటూ అతిగా పెరగదు. `1e-4` దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. రెండు గీతలూ దిగకుండా ఎత్తులోనే నిలిచిపోతే మోతాదు ఎక్కువైందన్నమాట.

ఈ మూడూ 2,000 ఫొటోలను 25,000 చేయలేవు. షోలే మోడల్ 95 శాతం పైకి వెళ్లింది, ఇమేజ్‌నెట్ మీద ముందే శిక్షణ పొందిన నెట్‌వర్క్‌ను తెచ్చి వాడాకే.