పుట్టింట కాన్పు, మెట్టినింట కాపురం: బిడ్డ జననం ఎక్కడ, ఎప్పుడు నమోదు చేయించాలి?

తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఆచారం. సరిహద్దు జిల్లాల్లో పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తవారిల్లు మరో రాష్ట్రంలో ఉండటం కొత్తేమీ కాదు. బిడ్డ పుట్టుకను నమోదు చేయించడంలో మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం జననాన్ని బిడ్డ పుట్టిన చోటనే నమోదు చేయాలి. తల్లిదండ్రులు ఎక్కడ కాపురముంటున్నారన్నది లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కర్ణాటకలోని పావగడలో కాపురముంటున్న ఒకామె కాన్పుకని ఆంధ్రప్రదేశ్‌లో హిందూపురం దగ్గరి పల్లెకు, పుట్టింటికి వెళ్ళింది. జులై 3న ఇంట్లోనే కాన్పయింది. కబురు అందించవలసింది పావగడలో ఉన్న తండ్రి కాదు, కాన్పు జరిగిన ఇంటి పెద్ద, అంటే బిడ్డ తాతగారు. ఆయన ఊళ్ళో లేకపోతే ఇంట్లో ఉన్న దగ్గరి బంధువు చెప్పవచ్చు. ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి 21 రోజుల్లోగా, అంటే జులై 24 లోపల, తెలియజేయాలి. అప్పుడు రుసుమేమీ ఉండదు. నమోదైన ఏడు రోజుల్లోగా ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి.

అదే ఆసుపత్రిలో కాన్పయితే కబురు పంపే బాధ్యత ఆసుపత్రి అధికారిది. కానీ వాళ్ళు పంపారో లేదో ఇంటికి వచ్చేముందు మీరు అడిగి తెలుసుకోవాలి. డిశ్చార్జి కాగితం జనన ధ్రువపత్రం కాదు. తల్లిదండ్రుల పేర్లు వాళ్ళ గుర్తింపు పత్రాల్లో ఉన్నట్టే రాశారో లేదో కూడా సరిచూసుకోండి. కన్నడంలో ఒక రకంగా, తెలుగులో ఒక రకంగా పడిన పేరు తరువాత చిక్కు తెస్తుంది.

"ఇంకా బారసాల కాలేదు, పేరు పెట్టకుండా ఎలా రాయించేది?" అని చాలామంది ఆగిపోతారు. బారసాల ఇరవై ఒకటో రోజున చేసే ఇళ్ళల్లో వేడుక హడావుడిలోనే గడువు దాటిపోతుంది. పేరు లేకుండానే జననాన్ని నమోదు చేస్తారు. పన్నెండు నెలల్లోగా పేరును ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఆ తరువాత పదిహేనేళ్ళ వరకు రుసుము కట్టి చేర్పించవచ్చు.

మరి గడువు దాటిపోతే? జులై 24 దాటినా ఆగస్టు 2 లోపల, అంటే 30 రోజుల్లోగా వెళితే, ఆలస్య రుసుము కడితే చాలు. 30 రోజులు దాటి ఏడాది లోపలైతే జిల్లా రిజిస్ట్రారు, లేదా ప్రభుత్వం నియమించిన అధికారి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. దానికి రుసుముతోపాటు మీరు స్వయంగా సంతకం చేసి ధ్రువీకరించిన పత్రం జతచేయాలి.

ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఈ ఉత్తర్వును జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఇస్తారు. వివరాలు నిజమో కాదో విచారించాకే ఇస్తారు. కనుక ముందుగా పుట్టిన చోటి రిజిస్ట్రారు దగ్గర, ఈ జననం తమ పుస్తకంలో లేదన్న కాగితం తీసుకోండి. గర్భిణిగా ఉన్నప్పటి కార్డు, బిడ్డ టీకాల కార్డు, ఆసుపత్రి కాగితాలు దాచి ఉంచితే ఈ విచారణలో అవే మీకు సాక్ష్యం.

మన ఉదాహరణలోని తల్లి అయిదో నెలలో పావగడకు వచ్చి, అక్కడ నమోదు చేయమంటే కుదరదు. అక్కడి అధికారికి ఆ అధికారం లేదు. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పుట్టింటి ఊరికే వెళ్ళాలి. ఏడాది దాటాక ఇచ్చే మేజిస్ట్రేటు ఉత్తర్వు కూడా ఆ ప్రాంతపు అధికారిదే కావాలి. రాష్ట్రం మారిపోతుందేమోనని బెంగపడి పుట్టిన చోటు మార్చి రాయించవద్దు. తల్లిదండ్రుల చిరునామాకు ధ్రువపత్రంలో వేరే గడి ఉంటుంది. అందులో పావగడ చిరునామానే రాయించుకోవచ్చు.

2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఓటరు జాబితాకూ, పాస్‌పోర్టుకూ పుట్టిన తేదీని, చోటును రుజువు చేసేది ఈ ధ్రువపత్రమే. కనుక కాన్పుకు వెళ్ళిన అమ్మాయి బిడ్డనెత్తుకుని అత్తవారింటికి బయలుదేరే నాటికి ఆ కాగితం ఆమె పెట్టెలో ఉండేట్టు చూడండి.