ఖాతాలో భార్య పేరు చేరిస్తే చాలదు, ఆ ఒక్క గడీ చూసుకోవాలి

సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయనను ఊహించుకుందాం. పెన్షన్ పడే సేవింగ్స్ ఖాతా ఆయన ఒక్కడి పేరునే ఉంది. ఆయన ఆసుపత్రిలో చేరితే ఆ ఖాతాలోంచి వెయ్యి రూపాయలు తీయడానికి కూడా భార్య సంతకం పనికిరాదు.

దీనికి కొత్త ఖాతా తెరవక్కర్లేదు. ఇద్దరూ తమ బ్రాంచికి వెళ్లి, జాయింట్ ఖాతాదారును చేర్చే ఫారం నింపాలి. భార్య ఆధార్, పాన్, ఫొటో ఇచ్చి, నమూనా సంతకం చేయాలి. పాన్ లేకపోతే దానికి బదులు డిక్లరేషన్ ఫారం అడుగుతారు. సాధారణంగా ఖాతా నంబరు పాతదే ఉంటుంది కాబట్టి పెన్షన్‌కు అంతరాయం ఉండదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఫారంలో ఖాతా నిర్వహణ గురించి అడిగే గడి దగ్గర. ‘జాయింట్‌లీ’ అని టిక్కు పెడితే ప్రతి చెక్కు మీదా ఇద్దరూ సంతకం చేయాలి. అప్పుడు ఆయన మంచాన పడిన రోజున ఆవిడ పేరు ఖాతాలో ఉండీ ఉపయోగం లేదు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అంటే మొదటి వ్యక్తి బతికున్నంత కాలం ఆయనే తీయగలడు. ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అంటే ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా తీయవచ్చు, ఒకరు పోతే రెండోవారికి చెల్లిస్తారు.

విడిగా లేఖ రాసి ఇచ్చేవారు ఇలా రాయవచ్చు: “నా సేవింగ్స్ ఖాతా నంబరు … లో నా భార్య శ్రీమతి … పేరును జాయింట్ ఖాతాదారుగా చేర్చగలరు. ఇకపై ఈ ఖాతాను ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో, అంటే మాలో ఎవరైనా ఒకరి సంతకంతో నిర్వహించవచ్చు. మాలో ఒకరు మరణిస్తే, ఖాతాలోని నిల్వను జీవించి ఉన్నవారికి చెల్లించగలరు.” కింద ఇద్దరూ సంతకం చేయాలి.

ఈ మాటలకు రెండు వైపులా పదును ఉంది. ఇద్దరిలో ఎవరైనా మొత్తం డబ్బు తీసేయవచ్చు. రెండోవారి అనుమతిని బ్యాంకు అడగదు. కాపురంలో గొడవలున్న ఇంట్లో ఇది ఆలోచించి చేయాల్సిన పని.

మరణం తర్వాత ఆవిడకు డబ్బు ఇచ్చేస్తే, కోర్టు ఉత్తర్వు అడ్డు లేనంతవరకు, బ్యాంకు బాధ్యత అక్కడికి తీరుతుంది. కానీ ఆ డబ్బంతా ఆవిడ సొంతమైపోయినట్టు కాదు. వారసులకు చట్టప్రకారం వాటా ఉంటే అది ఉన్నట్టే. ఆవిడ వారి తరఫున తీసుకున్నట్టు లెక్క. పిల్లలతో తగాదా రాకూడదనుకుంటే వీలునామా వేరే రాయాలి. నామినీ సంగతీ వేరే: ఖాతాదారులిద్దరూ పోయాకే నామినీ రంగంలోకి వస్తాడు.

ఈ పెద్దాయన భార్య ఇంకొకటి గుర్తుంచుకోవాలి. భర్త పోయాక ఆయన ఏటీఎం కార్డు వాడకుండా, మరణ ధ్రువపత్రం బ్యాంకుకు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆయన పెన్షన్ పడుతూనే ఉంటుంది, తర్వాత ఆ మొత్తాన్ని వెనక్కి రాబట్టుకుంటారు. కుటుంబ పెన్షన్ ఆవిడకు ఇదే జాయింట్ ఖాతాలో రావచ్చు.

పాస్‌బుక్ కొత్తగా అచ్చు వేయించుకున్నప్పుడు రెండు పేర్లతోపాటు నిర్వహణ పద్ధతి కూడా పడిందో లేదో చూసుకోవాలి. అదే బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్లకు, లాకరుకు ఈ మార్పు దానంతట అది వర్తించదు. వాటికి విడిగా ఫారం ఇవ్వాలి.