పాప పక్కన బొమ్మ ఎక్కడుండాలి?

మెత్తని ఎలుగుబంటి బొమ్మ ఒకటి కొత్తగా మార్కెట్లోకి వస్తోంది, దానికి ఫొటో తీయాలి అనుకుందాం. ముందుగా తట్టే ఆలోచన ఒకటే. తెల్లటి ఉయ్యాల, అందులో నిద్రపోతున్న నెలల పాప, చెంపకు ఆనుకుని బొమ్మ. ఎంత ముద్దుగా అనిపించినా ఆ ఫొటో తీయకూడదు. ఏడాదిలోపు బిడ్డను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలనీ, దిండ్లు, దుప్పట్లు, మెత్తని బొమ్మలు ఆ దరిదాపుల్లో ఉంచవద్దనీ అమెరికా శిశువైద్యుల సంఘం చెబుతోంది. ముక్కుకు అడ్డుపడిన బొమ్మను పక్కకు తోసుకోవడం పసికందుకు చేతకాదు. ఊపిరాడకపోయినా ఏడుపు వినిపించదు.

2009లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రిక ఒక అధ్యయనం ప్రచురించింది. తల్లులయ్యే వయసులో ఉన్న ఆడవాళ్లు చదివే అమెరికన్ పత్రికల్లో, పిల్లలు పడుకునే చోటు కనిపించే ఫొటోలను అందులో పరిశీలించారు. భద్రంగా ఉన్నవి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. పత్రికలో చూసిన ఉయ్యాలలాగే ఇంట్లో ఉయ్యాల సర్దాలనిపించడం సహజం. అందుకే ఆ లెక్క నాకు చిన్న విషయంగా తోచదు.

మన ఎలుగుబంటిని ఉయ్యాలలోంచి తీసి నేల మీద పరిచిన చాప మీద పెడదాం. తొమ్మిది పది నెలల పాప, మెలకువగా, తనంతట తాను కూర్చుని ఉండాలి. ఫ్రేములో అమ్మదో అమ్మమ్మదో చెయ్యి కనిపించాలి. పాప మెడలో దిష్టికి కట్టిన నల్లతాడు ఉంటే ఫొటో కోసమైనా తీయమని ఇంటివాళ్లను అడగాలి. తాడు దేనికైనా తగులుకుంటే మెడకు బిగుసుకుంటుంది.

ఇక బొమ్మను దగ్గరగా చూడాలి. నల్లగా మెరిసే ప్లాస్టిక్ కళ్లు కెమెరాకు చాలా ఇష్టం, లైటు పడగానే ప్రాణం వచ్చినట్టుంటాయి. కానీ ఆ కన్ను ఊడితే నేరుగా గొంతులోకి పోతుంది. బొమ్మల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం ఒకటి వాడతారు. ఊడివచ్చిన ముక్క అందులో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. అందుకే పసివాళ్ల బొమ్మలకు కళ్లు దారంతో కుట్టినవైతే మేలు. అవి లైటుకు మెరవవు కాబట్టి ఎదురుగా కాక పక్కనుంచి వెలుగు పంపాలి. కిటికీకి పలచటి తెల్లగుడ్డ కడితే చాలు, దారం వరుసలు, కుట్ల గట్టిదనం నీడల్లో తేలతాయి. కొనేవాళ్లకు నమ్మకం కలిగించేవి ఆ కుట్లే.

మరి బొమ్మ మెడలో వదులుగా వేలాడే పొడవాటి రిబ్బను ఉంటే? కంప్యూటర్లో దాన్ని చెరిపేయడం నిమిషం పని. ఆ పని మాత్రం చేయకూడదు. ఫొటోలో లేని రిబ్బను పార్శిలు విప్పితే ఉంటుంది, ప్రమాదం ఇంట్లోకి వచ్చాక గాని తెలియదు. తయారీదారుకు చెప్పి రిబ్బను తీయించి, ఆ కొత్త నమూనాకే ఫొటో తీయాలి. అట్ట మీద ‘మూడేళ్లు దాటినవారికి’ అని ఉంటే ఫొటోలో పసిపాపను చూపించడమూ తప్పే. చిన్న అక్షరాలు చదివేవాళ్లు తక్కువ, పాపను చూసి తమ పాపకూ సరిపోతుందనుకునేవాళ్లు ఎక్కువ. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ ముద్ర ఉన్న లేబులుకు ఒక ఫొటో విడిగా కేటాయించాలి.

పాలసీసా సంగతి పూర్తిగా వేరు. దాన్ని ఎంత జాగ్రత్తగా ఫొటో తీసినా మన దేశంలో ప్రకటనకు వాడకూడదు. డబ్బాపాలు, పాలసీసాలు, శిశు ఆహారాల ప్రకటనలను 1992లో వచ్చిన చట్టం నిషేధించింది, 2003లో దాన్ని సవరించారు. పేపర్లో, టీవీలో వేసేదే ప్రకటన అనుకుంటారు గానీ ఆ చట్టం లెక్కలో లేబులు, చుట్టిన కాగితం, ఎలక్ట్రానిక్ ప్రసారం కూడా ప్రకటన కిందికే వస్తాయి. డబ్బాపాల, శిశు ఆహారాల డబ్బాల మీదైతే బిడ్డ బొమ్మగానీ తల్లి బొమ్మగానీ వేయకూడదు. తల్లిపాలకు డబ్బాపాలు సాటి అన్న భ్రమ తల్లుల్లో కలగకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. పాలసీసాతో నవ్వుతున్న పాప ఫొటో చేయమని ఎవరైనా అడిగితే ఫొటోగ్రాఫరు ముందు ఈ చట్టం చూపించాలి.

ఇలాంటి ప్రకటనలకు అనుమతి ఉన్న దేశాల కోసం పనిచేసే మన డిజైనర్లూ ఉన్నారు. వాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది సీసాను ఎవరు పట్టుకున్నారన్నది. తువ్వాలు మడతకో దిండుకో సీసా ఆనించి, పడుకున్న బిడ్డ నోట్లో పెట్టిన ఫొటో ఎంత శుభ్రంగా ఉన్నా పక్కన పడేయాల్సిందే. పాలు ఆగకుండా వస్తుంటే బిడ్డకు పొరబోతుంది, తీసేయడానికి ఎవరూ ఉండరు. పెద్దవాళ్ల ఒడిలో, తల కాస్త ఎత్తుగా, వాళ్ల చూపు బిడ్డ ముఖం మీద ఉండేలా ఫొటో తీయాలి. సీసా మీది కొలత గీతలు కెమెరా వైపుకు తిరిగి, చదవడానికి వీలుగా ఉండాలి.